నానీ కలేజా ఎందుకు చల్లబడింది?

పోయిన చలికాలంలో లండన్ నుంచి ఆపా ఫోన్ చేసింది. "ఏం రాసి పంపావ్ రా పిల్లకి? పొద్దున్నుంచి మొహం ముడుచుకుని కూర్చుంది" అంది. నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు.

మా భాంజీకి పదేళ్లు. పుట్టింది, పెరిగింది అక్కడే. మా అమ్మీ నల్గొండ నుంచి వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది. ఆ దక్కనీ పిల్లకి సగమే అర్థమవుతుంది. అందుకని నేను వాటిని ఇంగ్లీషులోకి తర్జుమా చేసి పంపుతుంటాను. స్కూల్లో తను పద్యం చదివిన వీడియో చూసి అమ్మీ మురిసిపోయి, "తుజే దేఖ్‌కో మేరా కలేజా ఠండా హోగయా" అంది. ఆఫీసు హడావిడిలో నేను దాన్ని మాటకు మాట దింపేశాను. నిన్ను చూసి నా గుండె చల్లబడిపోయింది అని. ఆ పిల్ల పెరిగిన భాషలో గుండె చల్లబడ్డం అంటే ప్రేమ పోవడం. యానీ, నానీకి ఇక నేనంటే ఇష్టం లేదు అనుకుంది.

నేను చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ చేసింది తెలుగులో. రోజీ రోటీ అఖ్బారులోనే. మాటలు అటూ ఇటూ మోయడమే ఇరవై ఏళ్లుగా నా పని. అయినా తప్పాను. ఆలోచిస్తే నేను తప్పిన చోట్లు చాలావరకు ఇలాంటివే: మౌసం మాటలు. ఎండ, వాన, చలి, పొద్దు. లుగత్ తెరిస్తే వీటన్నిటికీ సమానార్థాలుంటాయి. కానీ మాటతో పాటు ఆ ఊరి ఆకాశం రాదు కదా.

అందుకే నా రాయ్ ఒకటి చెబుతాను. మౌసం మాట కనబడగానే లుగత్ తీయకండి. ముందు ఒక సవాల్ వేసుకోండి: ఇక్కడ ఈ మాట ఏం పని చేస్తోంది? కళ్లకు ఒక మంజర్ చూపిస్తోందా, వఖ్త్ చెబుతోందా, దిల్‌లో ఉన్నది చెబుతోందా? మూడింటికీ మూడు రకాల తర్జుమా కావాలి.

మొదట మంజర్ సంగతి. కొన్నేళ్ల కింద కశ్మీర్ నేపథ్యంలో రాసిన ఒక ఉర్దూ కథని తెలుగు చేశాను. జబ్బుపడిన ముసలాయన కిటికీ లోంచి చినార్ చెట్టు చూస్తూ, ఖిజాన్ వచ్చింది, బహార్ చూస్తానో లేదో అనుకుంటాడు. నేను ఖిజాన్‌కి శరత్కాలం అని రాశాను. లుగత్ ప్రకారం సరే. క్యాలెండర్ ప్రకారమూ సరే. ఇరాన్‌లోనైనా కశ్మీర్‌లోనైనా ఖిజాన్ సెప్టెంబర్ చివర్లో మొదలవుతుంది. మన శరత్తు కూడా ఆశ్వయుజ, కార్తీక మాసాలే కాబట్టి ఇంచుమించు అవే రోజులు.

కథ అచ్చయ్యాక ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. "శరత్తులో ఆకులెక్కడ రాలతాయి నాయనా? శరత్తంటే వెన్నెల కదా!" అన్నారు. నిజమే. తెలుగు చదువరికి శరత్తు అనగానే వానలు వెనకబట్టి ఆకాశం తేటపడ్డం, నిండిన చెరువులు, పిండారబోసినట్టు వెన్నెల గుర్తొస్తాయి. అది మనకు ఖుషీ కాలం. అలాంటి కాలంలో నా ముసలాయన చావు గురించి ఎందుకు తలుస్తున్నాడో పాఠకుడికి తెలియదు.

మరి శిశిరం అనొచ్చా? మన దగ్గర ఆకులు రాలేది మాఘ, ఫాల్గుణాల్లోనే. చలిదేశాల్లో చెట్టు చలికి, తగ్గిపోయే వెలుతురుకి ఆకు వదిలేస్తుంది. మన టేకు, మోదుగ వదిలేది నీళ్ల కరువుకి. వానలు పోయి నెలలు గడిచాక, నేలలో తడి తగ్గాక. ఖైర్, కారణం ఏదైనా ఆకు రాలుతోంది కాబట్టి శిశిరం సరిపోతుందనిపిస్తుంది. కానీ అందులో ఇంకో చిక్కుంది. మన శిశిరం వెంటే వసంతం ఉంటుంది. వేపచెట్టు చూడండి, పాత ఆకు రాలుతుండగానే ఎర్రటి చిగురు తొడుగుతుంది. కశ్మీర్‌లో అలా కాదు. ఖిజాన్‌కీ బహార్‌కీ నడుమ మంచు కురిసే నెలలున్నాయి. డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల గడ్డు చలికి వాళ్లు చిల్లయ్ కలాన్ అని పేరే పెట్టుకున్నారు. ముసలాయన భయపడేది ఆ నడిమి కాలానికి. శిశిరం అని రాస్తే నేనా భయాన్ని రెండు వారాలకు కుదించేసినట్టు.

రెండో ముద్రణకి ఇలా మార్చాను: "ఆకురాలు కాలం వచ్చేసింది. చినార్ ఎర్రబడింది. ముందు మంచంతా ఉంది. బహార్ దాకా ఉంటానో లేదో." ఆకురాలు కాలం అన్న మాటకు మన పంచాంగంలో గడి లేదు. అందుకే అది పనికొచ్చింది. కళ్లకు కనిపించేదే చెబుతుంది, నెల చెప్పదు. మంచు గురించిన చిన్న వాక్యం అసల్ కథలో ఆ చోట లేదు. కశ్మీరీ పాఠకుడికి దాని జరూరత్ లేదు, మనకుంది. ఇలా ఒక్క వాక్యం కలపడం తప్పని కొందరు దోస్తులంటారు. నా దృష్టిలో అది అమానత్‌లో ఖయానత్ కాదు. ముసలాయన్ని నల్గొండకు తెచ్చి కూర్చోబెట్టి, చినార్‌ని వేపచెట్టు చేస్తే అది ఖయానత్.

ఘజల్లో ఖిజాన్ సంగతి వేరు. ఢిల్లీలో కూడా వేప, రావి ఆకులు రాల్చేది ఫిబ్రవరి, మార్చిల్లోనే. అంటే ఢిల్లీ షాయర్ తన కిటికీ లోంచి చూసి ఖిజాన్ అనలేదు, ఫార్సీ నుంచి అరువు తెచ్చుకున్నాడు. అక్కడది మౌసం కాదు, గమ్. దానికి నెలలు లెక్కపెడుతూ కూర్చోనక్కరలేదు.

ఇక వఖ్త్ చెప్పే మాటలు. వీటిలో మాట మారకుండానే మతలబ్ మారిపోతుంది. ఖరీఫ్ చూడండి. అరబ్బీలో అది ఆకులు రాలే కాలమే. మొఘల్ జమానాలో శిస్తు వసూళ్లకు పంటను కోసే కాలాన్ని బట్టి ఖరీఫ్ అని, రబీ అని రాసుకున్నారు. రబీ అంటే బహార్. విత్తేది తొలకరికి, పేరు మాత్రం కోతది. ఇప్పుడు మన రైతుకి ఖరీఫ్ అంటే వానాకాలం పంట. ఒమన్‌లో సలాలాకి పనికి వెళ్లిన మనవాళ్లనడగండి. అక్కడ ఖరీఫ్ అంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొండల మీద దిగే పొగమంచు, తుంపర. దమాస్కస్ మనిషి ఖరీఫ్ అంటే రాలే ఆకులు, సలాలా మనిషి అంటే తుంపర, నల్గొండ మనిషి అంటే వరి, పత్తి. ఎవరు, ఏ ఊళ్లో అన్నారో తెలియకుండా ఈ మాటని ముట్టుకోకూడదు.

మన ఇళ్లలో ఇంకా దగ్గరి మాట ఉంది, మగ్రిబ్. అమ్మీ మా భాంజీకి ఎప్పుడూ చెప్పే నసీహత్, "మగ్రిబ్ కే బాద్ బాహర్ నక్కో ఫిరో." నల్గొండలో ఇది గడియారంలాంటి మాట. హైదరాబాద్ వైపు నవంబర్ చివర్లో అయిదూ నలభైకి సూర్యుడు గుంకితే, జూలైలో ఏడుకి కాస్త ముందు. ఏడాది పొడుగునా తేడా గంటంబావే. గుంకిన అరగంటకల్లా చీకటి పడిపోతుంది. కాబట్టి మగ్రిబ్ తర్వాత అంటే దీపాలు పెట్టే వేళ, కోళ్లు గూట్లోకి చేరే వేళ, పిల్లలు ఇంట్లో ఉండాల్సిన వేళ. లండన్‌లో డిసెంబర్‌లో నాలుగు కాకముందే మగ్రిబ్. బడి నుంచి పిల్ల ఇంటికి వచ్చే వేళ! జూన్‌లో తొమ్మిదీ ఇరవై దాటాక. అప్పటికి ఆ పిల్ల పడుకోవాలి. నానీ మాటని అక్షరాలా వింటే చలికాలంలో బడి నుంచి రాలేదు, ఎండాకాలంలో రాత్రి తొమ్మిదింటి దాకా ఆడుకోవచ్చు.

సూర్యాస్తమయం తర్వాత అని తర్జుమా చేసినా అదే తప్పు. నమాజ్ సంగతైతే మగ్రిబ్‌ని మగ్రిబ్‌గానే ఉంచాలి, ఆ వఖ్త్ అక్కడి సూర్యుడిదే. అమ్మీ చెబుతున్నది నమాజ్ వేళ కాదు, ఇంటి వేళ. కాబట్టి, "ఇంట్లో అందరూ చేరే వేళకి నువ్వూ చేరు" అని రాశాను. అది జనవరిలోనూ జూన్‌లోనూ పనిచేస్తుంది.

చివరికి దిల్ మాటలు. హైదరాబాద్‌లో మబ్బు పట్టి సన్నగా చినుకులు పడుతుంటే "క్యా మౌసం హై యారో" అంటాం, మిర్చీ బజ్జీలకు బయల్దేరతాం. దాన్ని మంచి వాతావరణం అని దింపితే లండన్ పిల్లకి ఎండ కనిపిస్తుంది. వాళ్లకు మంచి రోజంటే ఎండ కాసిన రోజు, మబ్బంటే దిగులు. మే నెల నెత్తిన మోసినవాడికే మబ్బు ఖుషీ. అక్కడ మబ్బుని దాచొద్దు, ఖుషీని దాచొద్దు. రెండూ పక్కపక్కన పెట్టి రాయాలి: చివరికి మబ్బు పట్టింది, అందరూ నవ్వుతూ బయటికొచ్చారు అని.

కలేజా ఠండా కూడా అంతే. వేడి నుంచి పారిపోయే నేలలో చల్లదనమే ప్రేమ. తెలుగు అమ్మ చల్లగా ఉండు అని దీవిస్తుంది. ఉర్దూలో కన్నబిడ్డ ఆంఖోం కీ ఠండక్. అరబ్బు ఎడారి భాషలో కుర్రతుల్ ఐన్. ఖురాన్‌లో భార్యాపిల్లల గురించిన దువాలోనూ (సూరా ఫుర్ఖాన్, 74వ ఆయత్) ఆ మాటే ఉంది, తెలుగులో కంటిచలువ అంటే హాయిగా ఒదిగిపోతుంది. చలిదేశంలో తిరకాసు. అక్కడ ప్రేమ వెచ్చగా ఉంటుంది. అక్కడి నుంచి తెచ్చుకునే మా అఖ్బారులు వెచ్చని స్వాగతం అని రాస్తాయి. మన మే నెలలో వెచ్చని స్వాగతం ఎవరికి కావాలి? ఆత్మీయ స్వాగతం అంటే పోయేదేముంది?

కాబట్టి దువాలో, లాడ్‌లో ఠండక్‌ని వెచ్చదనం చేసెయ్యొచ్చు. డిగ్రీలు తలకిందులైనా దిల్ సరిగ్గా చేరుతుంది. కానీ నానీ ఎండాకాలం సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి మంచం వాల్చుకునే కిస్సా చెబుతుంటే మాత్రం చల్లదనాన్ని చల్లగానే ఉంచాలి. అక్కడది మంజర్.

ఆపా ఫోన్ పెట్టేశాక భాంజీకి మళ్లీ రాశాను. నానీ గుండె నీవల్ల వెచ్చబడిందని రాద్దామనుకుని ఆగాను. అలా రాస్తే పిల్ల నవ్వుతుంది గానీ నానీ ఊరు పోతుంది. ఇలా రాశాను: "నానీ ఊళ్లో మే నెలలో నేల మీద కాలు పెట్టలేం. అందుకే అక్కడ చాలా సంతోషం కలిగితే గుండె చల్లబడింది అంటారు. నిన్ను చూసి నానీకి అంత సంతోషం కలిగింది."

గంటకి జవాబొచ్చింది. లండన్‌లో ఆ రోజు మంచు పడుతోందట. "అయితే మామూ, నానీకి చెప్పు, నా కలేజా వేడిగా ఉందని."

అమ్మీకి అది ఎలా తర్జుమా చేసి చెప్పాలా అని ఇప్పుడు నేను కూర్చున్నాను. మా దక్కనీలో కలేజా మండిందంటే కోపమొచ్చిందని.