ఎక్స్‌పార్టీ డిక్రీ పడితే పోవాల్సింది హైకోర్టుకు కాదు

నవంబరు 3న మా పక్క ఊళ్లో దండోరా కొట్టారు. రెండెకరాల చేను కోర్టు జప్తులో ఉందనీ, ఎవరూ కొనరాదనీ చాటింపు. ఆ చేను గల రైతుకు తన మీద దావా పడిన సంగతే అప్పటిదాకా తెలియదు. దావా పడి, విచారణ ముగిసి, జూన్ 14న డిక్రీ కూడా అయిపోయింది. ప్రతివాది రాలేదు కాబట్టి ఎక్స్‌పార్టీ. అసలు లక్షా యాభై వేలు, నూటికి రెండు చొప్పున మూడేళ్ల వడ్డీ లక్షా ఎనిమిది వేలు, మొత్తం రెండు లక్షల యాభై ఎనిమిది వేలు, ఆపైన ఖర్చులు.

మరి సమన్లు ఏమయ్యాయి? ఫిబ్రవరిలో ఆ కుటుంబం మొత్తం గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోయింది. మా కర్నూలు పడమటి మండలాల్లో ఇది ఏటా ఉండేదే. కోర్టు మనిషి వచ్చి, ఇంటికి తాళం చూసి, తలుపుకు కాగితం అంటించి, సర్వీసు అయిందని రాసుకుని పోయాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆ కాగితం లేదు.

ఆ రైతు చెప్పుకోగల మాట గట్టిదే. ఆదోని యార్డులో పత్తి అమ్మిన డబ్బులోంచి అరవై వేలు అప్పిచ్చినాయన కొడుకు ఖాతాకు పంపాడు. బ్యాంకు పుస్తకంలో ఉంది. నోటు వెనక చెల్లు రాయించుకోలేదు, అంతే. ఈ మాట జడ్జిగారి ముందు పడితే లెక్క మారుతుంది. పడాలంటే ఏ తలుపు తట్టాలన్నదే ప్రశ్న.

ఆయన పట్నంలో ఒక ప్లీడరు దగ్గరకు పోయాడు. అక్కడ చెప్పింది ఒకటే మాట: "హైకోర్టులో రివిజన్ వేద్దాం, స్టే తెద్దాం." ముప్ఫై ఐదు వేలు కట్టించుకున్నారు. కాగితాలు అమరావతి పోయాయి. అప్పీలు ఉన్న డిక్రీ మీద రివిజన్ ఎలా వేశారని ఆఫీసు అభ్యంతరం పెట్టి వెనక్కి పంపింది. మళ్లీ వేశారు, మళ్లీ తిరిగొచ్చింది. చివరికి మార్చిలో వాపసు తీసుకున్నారు. అప్పటికి వేలం తేదీ దగ్గర పడింది. ఆయన మా సంఘం ఆఫీసుకు వచ్చింది అప్పుడు.

ఇది ఆ ఒక్క ప్లీడరు తప్పని నేను అనను. నాలుగేళ్లలో ఇలాంటివి నాలుగైదు చూశాను. మన రైతులకు కూడా హైకోర్టు అంటే మోజు. కింది కోర్టు నష్టం చేసింది కాబట్టి పైకోర్టుకే పోవాలనుకుంటాం. ఆ మోజు కొందరికి ఫీజు అవుతుంది. చట్టం మాత్రం ఇంకో దారి చూపిస్తుంది.

మొదటి దారి డిక్రీ ఇచ్చిన ఆ కోర్టే. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9 రూల్ 13 అంటారు. సమన్లు సరిగా అందలేదని గానీ, రాలేకపోవడానికి తగిన కారణం ఉందని గానీ చూపిస్తే అదే జడ్జిగారు డిక్రీని రద్దుచేసి దావాను మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఖర్చులు కట్టమనవచ్చు, కొంత డబ్బు డిపాజిట్ చేయమనవచ్చు. కానీ మన సాక్ష్యం మనం ఇచ్చుకునే అవకాశం పూర్తిగా తిరిగొచ్చేది ఈ దారిలోనే.

దీనికి గడువు 30 రోజులు. ఇక్కడ రెండు సంగతులు ప్రతి రైతూ గుర్తుపెట్టుకోవాలి. సమన్లు సక్రమంగా అందనప్పుడు ఆ 30 రోజులు డిక్రీ తేదీ నుంచి కాదు, డిక్రీ సంగతి మనకు తెలిసిన రోజు నుంచి లెక్క. పేపర్లో ప్రకటన వేయించి సమన్లు ఇచ్చామంటే, ఈ లెక్కకు అది సక్రమంగా అందినట్టు కాదని లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ కిందే రాసి ఉంది. మన పేర్లు మనం చూడని పేపర్లో ఏ మూలనో వేయిస్తుంటారు కాబట్టి ఇది మనకు చాలా అక్కరకు వచ్చే మాట.

రెండోది నకలు సంగతి. అప్పీలుకు, రివ్యూకు, రివిజన్‌కు గడువు లెక్కేసేటప్పుడు నకలు కోసం పట్టిన రోజులు తీసేస్తారు. ఎక్స్‌పార్టీ రద్దు పిటిషన్‌కు ఆ వెసులుబాటు చట్టంలో రాయలేదు. "నకలు రానీ, తర్వాత వేద్దాం" అని గుమస్తా అంటే వినకండి. నకలుకు దరఖాస్తు పెట్టండి, పిటిషన్ మాత్రం గడువులోపే వేయించండి. దాంతోపాటు అమలు నిలుపుదలకు వేరే పిటిషన్ వేయాలి. రద్దు పిటిషన్ వేసినంత మాత్రాన వేలం ఆగదు.

మన రైతు సంగతి చూడండి. నవంబరు 3న తెలిసింది. గడువు డిసెంబరు 3. ఆ రోజుకు ఆయన కాగితాలు హైకోర్టు ఆఫీసులో పడి ఉన్నాయి. మేము ఇంకో ప్లీడరు చేత మార్చి 18న పిటిషన్ వేయించాం. 105 రోజుల ఆలస్యం. తప్పు కోర్టులో నిజాయితీగా, శ్రద్ధగా తిరిగిన కాలాన్ని మినహాయించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 చెబుతుంది. తగిన కారణముంటే ఆలస్యం క్షమించమని సెక్షన్ 5 చెబుతుంది. రెండూ అడిగాం. హైకోర్టు ఆఫీసు తిప్పి పంపిన కాగితాలన్నీ తేదీలతో సహా జతచేశాం. అవతలి ప్లీడరు "అది శ్రద్ధ ఎలా అవుతుంది, మొదటిసారి తిప్పి పంపినప్పుడే తెలియాలి కదా" అని గట్టిగా వాదించాడు. అందులోనూ న్యాయం లేకపోలేదు.

సర్వీసు విషయంలో పనికొచ్చింది కోర్టు మనిషి రాసిన రిపోర్టు నకలే. తాళం వేసి ఉంటే ఊరికే అంటించి పోకూడదు. మనిషి ఎప్పటికి దొరుకుతాడో వాకబు చేయాలి. ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో పేర్లతో రాయాలి. ఈ రిపోర్టులో ఒక్కసారి వచ్చినట్టే ఉంది, సాక్షి పేరు లేదు. దానికి తోడు మిరపకోతల ముఠా మేస్త్రీ తన హాజరు పుస్తకం పట్టుకుని వచ్చి సాక్ష్యం చెప్పాడు. ఆలస్యం క్షమించి, మూడు వేలు ఖర్చులు వేసి, యాభై వేలు డిపాజిట్ చేయాలన్న షరతు మీద డిక్రీ రద్దుచేశారు. దావా ఇప్పుడు నడుస్తోంది. ఒకవేళ ఆ పిటిషన్ కొట్టేసి ఉంటే, దాని మీద అప్పుడు పైకోర్టుకు సీఎంఏ ఉంది. పైకోర్టు అంటే హైకోర్టు కాదు, ఇలాంటి చిన్న దావాల్లో జిల్లాలోని కోర్టే. గడువు 30 రోజులు.

రెండో దారి నేరుగా అప్పీలు. ఎక్స్‌పార్టీ డిక్రీ మీద కూడా అప్పీలు ఉందని సెక్షన్ 96 స్పష్టంగా చెబుతుంది. జిల్లాలోని కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. కానీ అక్కడ వాదించాల్సింది తీర్పులోని మంచిచెడ్డలు: నోటు రుజువైందా, వడ్డీ సరిగా వేశారా, కారణాలు రాయకుండా ఒక్క వాక్యంతో డిక్రీ చేశారా. సెక్షన్ 34 ప్రకారం వ్యాపార లావాదేవీ కాని అప్పు మీద డిక్రీ తర్వాతి వడ్డీ ఏడాదికి నూటికి ఆరు మించకూడదు. సేద్యం అప్పుకు 24 వేసి ఉంటే అప్పీలులో పట్టుకోవచ్చు.

ఇక్కడో గోతి ఉంది. అప్పీలు వేసి అది కొట్టివేతకు గురైతే, ఆ తర్వాత రూల్ 13 పిటిషన్ పనికిరాదు. ఆ రూలు కిందే వివరణలో ఉంది. మనంతట మనం వాపసు తీసుకుంటే మాత్రం ఆ అడ్డు లేదు. ఇటు నుంచి చూస్తే, రూల్ 13 పిటిషన్ ఓడిపోయినా డిక్రీ మీద అప్పీలు పోదు. కానీ "నన్ను ఎక్స్‌పార్టీ చేయడమే తప్పు" అనే వాదన అందులో మళ్లీ చేయనివ్వరు, మంచిచెడ్డలే మిగులుతాయి. భానుకుమార్ జైన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. రెండూ ఒకేసారి వేయవచ్చని కూడా చెప్పింది. కాబట్టి మీ ఫిర్యాదు సమన్ల గురించి అయితే ముందు రూల్ 13. అప్పీలు కూడా వేసి ఉంటే అది ముందుగా తేలిపోకుండా చూసుకోవాలి.

రివ్యూ గురించి ఎక్కువ చెప్పేది లేదు. తీర్పు చూడగానే కనిపించే పొరపాటు ఉంటేనో, ఎంత వెతికినా అప్పట్లో దొరకని సాక్ష్యం ఇప్పుడు దొరికితేనో అదే జడ్జిగారిని అడగవచ్చు. గడువు 30 రోజులు. కొట్టేస్తే ఆ కొట్టివేత మీద అప్పీలు లేదు. మన రైతు బ్యాంకు పుస్తకం కొత్తగా దొరికింది కాదు, ఇంట్లో ఉన్నదే. రివ్యూ వేసి ఉంటే ఓడిపోయేవాడు.

ఇక రివిజన్. అప్పీలు ఉన్న డిక్రీని హైకోర్టు రివిజన్‌లో మార్చరాదని సెక్షన్ 115లోనే ఉంది. రాజ్యాంగం 227 కింద పోదామంటారా? కోడ్‌లో అప్పీలు ఉన్నప్పుడు ఆ దారి దాదాపు మూసినట్టేనని 2019లో విరుదునగర్ హిందూ నాడార్ సభ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రివిజన్ పనికిరాని వస్తువని కాదు. దావా మధ్యలో కమిషనర్‌ను వేయనన్నారు, ఒక కాగితం తీసుకోనన్నారు, అలాంటి అప్పీలు లేని ఉత్తర్వులకు 227 కింద పోవడమే మార్గం.

మన తప్పు కూడా ఒకటుంది. కోర్టు మనిషిని చూసి సమన్లు తీసుకోనని తలుపేసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నిరాకరిస్తే అందినట్టే లెక్క. వాళ్లకు రూల్ 13 కింద సమన్లు అందలేదన్న మాట దక్కదు.

ఇప్పుడు అసలు కొట్లాట. సమాచార హక్కు చట్టం కింద మండలాఫీసులో ఒక కాగితం అడిగితే, ఇవ్వనన్న అధికారి ఎందుకివ్వడో, ఎన్ని రోజుల్లో అప్పీలు చేయాలో, ఎవరికి చేయాలో అదే జవాబులో రాసి తీరాలి. సెక్షన్ 7(8) చెప్పేది అదే. ఒక జిరాక్స్ కాగితానికి ఉన్న ఈ మర్యాద రెండెకరాల చేను వేలం వేయించే డిక్రీకి లేదా? సలహా ఇవ్వడం కోర్టు పని కాదంటారు. గడువు ఎంత, ఏ కోర్టు అని చెప్పడం సలహా కాదు, సమాచారం. చట్టం పుస్తకాల్లో ఉంది కదా అంటారు. ఆ పుస్తకం ఇంగ్లీషులో ప్లీడరు బీరువాలో ఉంది, రైతు మిరప చేలో ఉన్నాడు.

ప్రతి ఎక్స్‌పార్టీ డిక్రీ నకలుకూ, ప్రతి జప్తు నోటీసుకూ తెలుగులో ఒక పేజీ జతచేయాలి. రద్దు పిటిషన్ ఏ కోర్టులో వేయాలి, ఎన్ని రోజుల్లో, అప్పీలు ఎక్కడ, ఎన్ని రోజుల్లో, ఉచిత న్యాయ సహాయానికి ఎవరిని కలవాలి, ఇవి నాలుగు చాలు. సివిల్ కోర్టుల నియమాలు చేసే అధికారం సెక్షన్ 122 కింద హైకోర్టుకే ఉంది. మన జిల్లా కమిటీ ఈ మేరకు తీర్మానం చేసి హైకోర్టుకు పంపాలని నేను ప్రతిపాదిస్తున్నాను. మీ ఊళ్లో ఎక్స్‌పార్టీ డిక్రీ పడిన వారుంటే డిక్రీ తేదీ, తెలిసిన తేదీ, సమన్ల రిపోర్టు నకలు, మొదట ఏ కోర్టుకు పంపించారన్న వివరం వచ్చే సమావేశానికి తీసుకురండి. తీర్మానంతో పాటు అవి కూడా పోవాలి.