పోలిక సరిగా ఉంటేనే జవాబు: స్వలింగ జంటల పిల్లల గురించి పరిశోధనలు చెప్పేది

స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కోరుతూ సుప్రీంకోర్టును ఆశ్రయించినవారిలో హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ జంట ముందువరుసలో నిలిచింది. కేసు కూడా సుప్రియో పేరుమీదే ప్రసిద్ధమైంది. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. వివాహం సంగతి అందరికీ గుర్తుంది కానీ, అదే తీర్పులో పిల్లల దత్తత గురించి జరిగిన చర్చకు అంత ప్రచారం రాలేదు. సైన్స్‌తో నేరుగా ముడిపడిన చర్చ మాత్రం అదే.

దత్తత నిబంధనలు-2022లోని 5(3) నిబంధన ప్రకారం, కనీసం రెండేళ్లు స్థిరమైన వైవాహిక జీవితం గడిపిన జంటకే బిడ్డను దత్తత ఇవ్వాలి. పెళ్లికి చట్టం ఒప్పుకోని జంట ఈ షరతును ఎప్పటికీ తీర్చలేదు. ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ఈ నిబంధన వివక్షతో కూడుకున్నదని భావించారు. పెళ్లయిన స్త్రీపురుషుల జంట మాత్రమే బిడ్డకు స్థిరమైన ఇల్లు ఇవ్వగలదని చూపే ఆధారమేదీ లేదని చంద్రచూడ్ తన తీర్పులో స్పష్టం చేశారు. మిగతా ముగ్గురు న్యాయమూర్తులు నిబంధనను నిలబెట్టారు. 3-2 మెజారిటీతో అది అలాగే ఉండిపోయింది. రివ్యూ పిటిషన్లను కూడా 2025 జనవరిలో కోర్టు తోసిపుచ్చింది.

చట్టం ఎలా ఉండాలో ప్రయోగశాల నిర్ణయించలేదు. అయితే ఈ నిబంధన వెనుక, ‘అలాంటి ఇంట్లో పెరిగితే బిడ్డకు నష్టం’ అనే ఊహ ఒకటి ఉంది. ఆ ఊహ నిజమో కాదో పరీక్షించవచ్చు. నలభై ఏళ్లుగా పరీక్షిస్తూనే ఉన్నారు కూడా.

పరీక్ష ఎందుకు కష్టం?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఇలాంటి కుటుంబాలు తక్కువ. వెయ్యి ఇళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే వాటిలో స్వలింగ జంట పిల్లల్ని పెంచుతున్న ఇల్లు ఒక్కటైనా దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే తొలి అధ్యయనాలన్నీ స్వచ్ఛందంగా ముందుకొచ్చిన కుటుంబాలతో జరిగాయి. అమెరికాలో నానెట్ గార్ట్రెల్ 1986లో మొదలుపెట్టిన అధ్యయనం ఇందుకు ఉదాహరణ. తల్లులిద్దరూ కలిసి నిర్ణయించుకుని కన్న పిల్లల్ని అది పుట్టుకకు ముందు నుంచే అనుసరించింది. ఆ పిల్లలు 17 ఏళ్ల వయసులో బాగానే ఉన్నారని 2010లో పీడియాట్రిక్స్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కానీ ఆ విశ్లేషణలో ఉన్నది 78 మంది. పైగా ధైర్యంగా ముందుకొచ్చే తల్లులు చదువులో, ఆదాయంలో సగటు కంటే మెరుగ్గా ఉండే అవకాశం ఎక్కువ. విమర్శకులు దీన్ని ఎత్తిచూపారు. ఆ విమర్శలో న్యాయం ఉంది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. అది పోలికకు సంబంధించినది. ఎవరిని ఎవరితో పోల్చాలి? ఇక్కడ తప్పటడుగు పడితే ఫలితమే తారుమారవుతుంది. 2012లో సరిగ్గా అదే జరిగింది.

ఒక అధ్యయనం, దాని లోపల ఏముంది

టెక్సస్ విశ్వవిద్యాలయంలోని సామాజిక శాస్త్రవేత్త మార్క్ రెగ్నెరస్ దాదాపు 3 వేల మంది అమెరికన్లను సర్వే చేసి, ఫలితాలను 2012లో సోషల్ సైన్స్ రీసెర్చ్ పత్రికలో ప్రచురించారు. అందరూ 18-39 ఏళ్ల మధ్యవారు. నమూనా పెద్దది, స్వచ్ఛందంగా వచ్చినవారితో కూర్చినది కాదు. అంటే మొదటి చిక్కు తీరినట్టే కనిపించింది. స్వలింగ సంబంధాలున్న తల్లి లేదా తండ్రి పిల్లలు చదువు, ఉద్యోగం, మానసిక ఆరోగ్యం వంటి అనేక విషయాల్లో వెనకబడ్డారని ఆయన తేల్చారు. స్వలింగ జంటలకు వ్యతిరేకంగా వాదించేవారు నేటికీ దీన్నే ఎక్కువగా ఉదహరిస్తారు.

అయితే ఎవరిని ఆ వర్గంలో చేర్చారో చూడాలి. ‘మీకు 18 ఏళ్లు వచ్చేలోగా మీ తల్లికి గానీ తండ్రికి గానీ ఎప్పుడైనా స్వలింగ సంబంధం ఉందా?’ అన్నదే ఆయన అడిగిన ప్రశ్న. ‘ఉంది’ అంటే చాలు, ఆ వర్గంలో వేశారు. ఆ భాగస్వామితో ఒకే ఇంట్లో పెరిగారా లేదా అన్నది షరతు కాదు. తల్లికి అలాంటి సంబంధం ఉందన్నవారిలో తల్లితో, ఆమె భాగస్వామితో కలిసి కనీసం మూడేళ్లు ఉన్నవారు 23 శాతమేనని ఆ పత్రమే చెబుతోంది. మిగతావారిలో ఎక్కువమంది బాల్యం వేరే కథ. స్త్రీపురుషుల పెళ్లిలో పుట్టడం, ఆ పెళ్లి విడిపోవడం, ఇళ్లు మారడం, కొందరైతే బంధువుల దగ్గర పెరగడం.

ఇలాంటివారిని పోల్చింది ఎవరితో? తల్లిదండ్రులు విడిపోకుండా, మొదటి నుంచీ కలిసి ఉన్న కుటుంబాల పిల్లలతో. ఒకవైపు విచ్ఛిన్నమైన ఇళ్లు, మరోవైపు చెక్కుచెదరని ఇళ్లు. తేడా రాకపోతేనే ఆశ్చర్యం. ఆ తేడా విడాకులదా, స్వలింగ సంబంధానిదా అని ఈ కొలత విడదీసి చెప్పలేదు. ఎండలో పెట్టిన మొక్కను నీడలో ఉంచిన మొక్కతో పోల్చి, తేడా అంతా ఎరువుదే అన్నట్టుంటుంది.

సైమన్ చెంగ్, బ్రయన్ పావెల్ అనే పరిశోధకులు అదే డేటాను మళ్లీ విప్పి 2015లో అదే పత్రికలో ప్రచురించారు. రెగ్నెరస్ ఆ వర్గంలో చేర్చిన 236 మందిలో, స్వలింగ జంట ఇంట్లో కనీసం ఏడాది పెరిగి ఉంటారని నమ్మదగినవారు 51 మందికి మించలేదు. తన ఎత్తు 7 అడుగుల 8 అంగుళాలని, బరువు 88 పౌండ్లని, ఎనిమిది పెళ్లిళ్లయ్యాయని రాసిన వ్యక్తి జవాబులు కూడా లెక్కలోకి వచ్చేశాయి. 88 పౌండ్లంటే 40 కిలోలు. ఇలాంటి తప్పులను సరిదిద్దేసరికి కుటుంబ రకానికి ఆపాదించిన తేడాల్లో చాలావరకు మాయమయ్యాయి. అంతకుముందే, 2014లో మిషిగన్ వివాహ కేసులో రెగ్నెరస్ సాక్ష్యాన్ని విన్న ఫెడరల్ న్యాయమూర్తి అది నమ్మదగినది కాదని తోసిపుచ్చారు.

పోలిక సరిచేస్తే

రెండు చిక్కులనూ ఒకేసారి దాటాలంటే దేశం మొత్తం రికార్డులు కావాలి. నెదర్లాండ్స్‌లో అవి ఉన్నాయి. ప్రతి పౌరుడి చిరునామా, తల్లిదండ్రులు, ఆదాయం, పరీక్షల మార్కులు అక్కడి ప్రభుత్వ రిజిస్టర్లలో అనుసంధానమై ఉంటాయి. పైగా 2001లో ప్రపంచంలోనే మొదటిసారి స్వలింగ వివాహాన్ని చట్టబద్ధం చేసిన దేశమది. డెని మజ్రెకాయ్, ఆయన సహచరులు ఈ రికార్డులతో చేసిన అధ్యయనం 2020లో అమెరికన్ సోషియలాజికల్ రివ్యూలో వచ్చింది.

వారు పుట్టినప్పటి నుంచీ స్వలింగ జంట ఇంట్లోనే పెరిగిన 2,971 మంది పిల్లల్ని, స్త్రీపురుషుల జంటల దగ్గర పెరిగిన పది లక్షలకు పైగా పిల్లల్ని పోల్చారు. ఎవరినీ ఫోన్ చేసి అడగలేదు, కాబట్టి స్వచ్ఛందంగా రావడమన్న సమస్య లేదు. విడాకుల తర్వాత వచ్చిన పిల్లలు కలవలేదు, కాబట్టి విచ్ఛిన్నం ప్రభావమూ ఇందులో లేదు. ప్రాథమిక విద్య చివర్లో దేశవ్యాప్తంగా జరిగే పరీక్షలో స్వలింగ జంటల పిల్లలకు 0.139 ప్రామాణిక విచలనం మేరకు ఎక్కువ మార్కులు వచ్చాయి. సగటు 100, విచలనం 15 ఉండే పరీక్షలో ఇది సుమారు 2 మార్కులకు సమానం. ఉన్నత పాఠశాల పూర్తిచేసే అవకాశం కూడా 4.8 శాతం పాయింట్లు ఎక్కువ.

దీన్నిబట్టి స్వలింగ జంటలే మెరుగైన తల్లిదండ్రులని తీర్మానిస్తే అది కూడా రెగ్నెరస్ చేసినలాంటి తప్పే అవుతుంది. ఈ జంటలకు బిడ్డ అనుకోకుండా పుట్టదు. ఖర్చు, సమయం, పట్టుదల ఉన్నవారే ఆ దారిలో చివరిదాకా వెళ్తారు. వారి వయసు, చదువు, ఆదాయం సగటు కంటే ఎక్కువ. ఆ రెండు మార్కుల్లో కొంత వాటా వాటిదే. ఈ అధ్యయనం నుంచి గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే. తల్లిదండ్రులిద్దరూ ఒకే లింగానికి చెందినవారైనందువల్ల పిల్లల చదువుకు నష్టం జరుగుతుంటే, ఇంత పెద్ద రికార్డులో అది కనిపించి తీరాలి. కనిపించలేదు.

మార్కులే జీవితం కాదు కదా అనవచ్చు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ గోలంబక్ బృందం బ్రిటన్‌లో దత్తత కుటుంబాలనే తీసుకుంది. పురుషుల జంటలు 41, స్త్రీల జంటలు 40, స్త్రీపురుషుల జంటలు 49. అన్ని ఇళ్లలోనూ దత్తత పిల్లలే కాబట్టి పోలిక న్యాయమైనది. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, కోపం, మొండితనం వంటి ప్రవర్తన సమస్యలు ఏ బిడ్డలో ఉంటాయో ముందే సూచించింది కుటుంబ రకం కాదు, పెంచేవారి మీద ఉన్న ఒత్తిడి.

హాని ఎక్కడి నుంచి?

ఈ పిల్లలకు ఏ ఇబ్బందీ ఉండదనీ పరిశోధనలు చెప్పడం లేదు. గార్ట్రెల్, హెన్నీ బోస్ తదితరులు 2008లో అమెరికా, నెదర్లాండ్స్ పిల్లల్ని పోల్చారు. ఇద్దరు తల్లుల దగ్గర పెరుగుతున్నామని స్నేహితులకు ధైర్యంగా చెప్పుకున్నది డచ్ పిల్లలే ఎక్కువ. వారికి ఎగతాళి తక్కువ, ప్రవర్తన సమస్యలూ తక్కువ. కుటుంబాలు ఒకే రకానివి. మారింది చుట్టూ ఉన్న సమాజం.

భారత్‌కు ఈ ఫలితాన్ని అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. 2023లో బీఎంజే గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన సమీక్ష 34 అధ్యయనాలను కలిపి చూసింది. అందులో ఉన్నవన్నీ ఇలాంటి సంబంధాలకు చట్టబద్ధత ఉన్న ప్రాంతాలవే. గుర్తింపు లేని చోట ఎగతాళి ఎక్కువే ఉండవచ్చు. దత్తత హక్కును సమర్థిస్తూ 2023 ఏప్రిల్‌లో ప్రకటన చేసిన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా, పిల్లలు దారిలో చిన్నచూపును ఎదుర్కోవచ్చని హెచ్చరించింది.

ఆ చిన్నచూపును సాకుగా చూపి తలుపు మూయాలనేవారున్నారు. కానీ తలుపు మూసినంత మాత్రాన ఈ కుటుంబాలు ఏర్పడకుండా పోవు. కోల్‌కతాను ఆనుకుని ఉన్న హౌరా టికియాపారాలో ఇద్దరు మహిళలు కలిసి జీవిస్తున్నారనుకుందాం. జంటగా దత్తతకు అర్హత లేదు. ఒంటరి మహిళకు ఉంది. కానీ ఒంటరిగా దరఖాస్తు చేసేవారు సహజీవనంలో ఉంటే పరిశీలించవద్దని కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ 2022 జూన్‌లో సర్క్యులర్ ఇచ్చింది. అంటే రెండో మహిళను కాగితాల మీద మాయం చేస్తే తప్ప బిడ్డ రాదు. వచ్చాక బడిలో చేర్పించినా, ఆసుపత్రిలో సంతకం పెట్టినా ఒక్కరే తల్లి. ఆ తల్లి చనిపోతే రోజూ అన్నం పెట్టిన రెండో మనిషి చట్టం దృష్టిలో బయటి వ్యక్తి. దాపరికం, పెంచేవారిపై ఒత్తిడి, ఉన్న ఇల్లు చెదిరిపోవడం... పరిశోధనలు పిల్లలకు హాని చేస్తాయని గుర్తించినవి సరిగ్గా ఇవే. వాటిని బిడ్డ ఇంట్లోకి తెస్తున్నది నిబంధనే. నిబంధనను నిలబెట్టిన జస్టిస్ రవీంద్ర భట్ సైతం, ఇలాంటి పిల్లలు రెండో వ్యక్తి నుంచి దక్కాల్సిన రక్షణలు కోల్పోతున్నారని, ప్రభుత్వం దీన్ని సరిచేయాలని తన తీర్పులో రాశారు.

దత్తత తీసుకునే ప్రతి ఇంటినీ సామాజిక కార్యకర్త వెళ్లి పరిశీలించి నివేదిక ఇవ్వాలన్న నియమం ఇప్పటికే ఉంది. ఆదాయం, ఆరోగ్యం, పెంచాలన్న సంసిద్ధత, వారి మధ్య బంధం ఎంత స్థిరమైనదన్నది అక్కడే తేలుతుంది. బిడ్డ భవిష్యత్తును ప్రభావితం చేస్తాయని పరిశోధనలు చూపినవీ అవే. వాటిని ఇల్లు చూసి కొలిచే వీలున్నప్పుడు, వాటి స్థానంలో వివాహ ధ్రువపత్రాన్ని ప్రమాణంగా పెట్టుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదు. 5(3) నిబంధనను మార్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. తీర్పు దానికి అడ్డు కాదు.