గేదె మాంసమా? ఎద్దు మాంసమా?



మన బజారులో గేదెదైనా, దున్నదైనా, ఎద్దుదైనా "పెద్దకూర" అనే ఒక్క పేరుతోనే అమ్ముతారు. అది దేని మాంసమో ఎలా తెలుసుకోవాలని కొందరు తల్లులు మమ్మును అడిగారు.

మొదట కండను కాదు, కొవ్వును చూడండి. గేదె కొవ్వు పాలవలె తెల్లగా ఉంటుంది. పచ్చగడ్డి మేసిన ఎద్దు కొవ్వు లేత పసుపుగా, వెన్న రంగులో ఉంటుంది. గడ్డిలోని కెరోటిన్ అనే పసుపు పదార్థాన్ని గేదె తన ఒంటిలో దాదాపు పూర్తిగా ఎ విటమిన్‌గా మార్చుకొంటుంది. ఆవు జాతిలో అది కొంత మిగిలి కొవ్వులో చేరుతుంది. గేదె నెయ్యి తెల్లగా, ఆవు నెయ్యి పసుపుగా ఉండుటకు కారణం ఇదే.

రెండవది కండ రంగు. గేదె కండ ముదురు ఎరుపు, కొంచెం నలుపు తిరిగినట్టు ఉంటుంది. ఎద్దు కండ అంతకన్న ప్రకాశమైన ఎరుపు. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. ఒక పెండ్లి ఇంట 10 కిలోల మాంసం తెస్తే, నల్లగా ఉన్నది గనుక నిలవ సరుకని వియ్యాలవారు చిన్నబుచ్చుకొన్నారు. మేము చూడగా కొవ్వు తెల్లగా ఉంది, చెడు వాసన లేదు, వేలికి జిగురు అంటలేదు. అది ఆ ఉదయం కోసిన దున్న మాంసమే. పాడైన మాంసాన్ని వాసన, జిగురు పట్టిస్తాయి. ముదురు రంగు ఒక్కటే సాక్ష్యం కాదు.

మూడవది రుచి. గేదె కండలో కొవ్వు పొరలు తక్కువ. కనుక వేపుడు చేస్తే త్వరగా ఎండి గట్టిపడుతుంది. ముదురు పశువుదైతే పీచు మోటుగా ఉంటుంది. సన్నని మంటపై, మూతపెట్టి, ఎక్కువసేపు ఉడికించాలి. దాని కొవ్వు చల్లారగానే గడ్డకట్టి అంగిటికి అంటుతుంది, కాబట్టి కూర వేడిగా వడ్డించండి. మసాలా పట్టిన తరువాత నాలుకతో తేడా చెప్పుట చాలా కష్టం.

ఈ గుర్తులకు హద్దులున్నవి. ఎండుగడ్డి, దాణా తిన్న ఎద్దు కొవ్వు కూడ తెల్లగానే ఉండవచ్చు. లేత దున్న కండ అంత నల్లగా ఉండదు. కొవ్వు తీసివేసిన ముక్కలను, కైమాను చూసి ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. అందుకు ప్రయోగశాలలో డి.ఎన్.ఎ. పరీక్ష వంటిది కావాలి.

మన ప్రాంతంలో 1977 నాటి చట్టం ఆవును, దూడలను వధించుటను నిషేధించింది; ఎద్దుకు, గేదెకు, దున్నకు అధికారి ధ్రువపత్రం కావాలి. కనుక కంటి గుర్తును బట్టి "ఇది ఆవుదే" అని ఎవరిమీదా నింద వేయకండి. తెలిసిన దుకాణంలో, కొవ్వు అంటివున్న పెద్ద ముక్కను చూసి, మీ ఎదుటనే కొట్టించుకోండి.