చెల్లింపు తీసుకున్న వీడియోల్లో ఆ సంగతి తెలుగులోనే చెప్పాలన్న తీర్మానం

హోటళ్లు, వంటసామాన్ల గురించి తెలుగులో వీడియోలు చేసే క్రియేటర్ల సంఘం సర్వసభ్య సమావేశం ఈ విషయాలను పరిశీలించింది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బు ముట్టడం ఒక్కటే లెక్కలోకి రాదు. ఉచిత భోజనం, బహుమతి, డిస్కౌంటు, ప్రయాణ ఖర్చు, యజమానితో చుట్టరికం కూడా ప్రేక్షకులకు చెప్పవలసినవే. వీడియో అయితే తెరమీద రాయాలి, నోటితోనూ చెప్పాలి. అదీ వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే. ప్రకటనల ప్రమాణాల మండలి ‘ఆస్కీ’ మాత్రం ఇంగ్లీషు లేబులునూ ఒప్పుకుంటుంది. ఆ వెసులుబాటును మన సభ్యులు వాడుకోకూడదని ఈ సమావేశం అభిప్రాయపడింది. గోంగూర పచ్చడి గురించి తెలుగులో అరగంట మాట్లాడగలిగినవారు ‘ఇది డబ్బు తీసుకుని చేసిన ప్రకటన’ అన్న ముక్క దగ్గరే ఇంగ్లీషులోకి మారడం ఎందుకో అందరికీ తెలిసిందే.

కనుక ఇలా తీర్మానించడమైనది:

వీడియో మొదట్లోనే, రుచి గురించి మాట ఎత్తకముందే, ఎవరు ఏమిచ్చారో సభ్యులు తెలుగులో చెప్పాలి. యాప్‌లో ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ మీట నొక్కడం దీనికి అదనమే గాని బదులు కాదు. ఉదాహరణకు ఒక బిర్యానీ హోటలు నలుగురికి ఉచితంగా భోజనం పెట్టి, పైకం ఏమీ ఇవ్వలేదనుకుందాం. 90 సెకన్ల రీల్‌లో ‘భోజనం హోటలువారు ఉచితంగా పెట్టారు, వీడియోను ముందుగా వారికి చూపించాం’ అని మొదట పలకాలి. ఆస్కీ లెక్కన 15 సెకన్లు దాటి, రెండు నిమిషాల లోపు ఉన్న వీడియోలో మూడోవంతు సేపు లేబులు కనిపించాలి, అంటే ఇక్కడ 30 సెకన్లు. అక్షరాలు క్యాప్షన్ కిందో, లైక్ బటన్ల వెనకో పడకుండా ఫోనులో ఒకసారి చూసుకుని మరీ పెట్టాలి. వివరణలో రాసేటప్పుడు హ్యాష్‌ట్యాగుల గుంపులో కలపకుండా మొదటి రెండు వరుసల్లోనే రాయాలి.

ముందుగా చూపించామన్న సంగతి చట్టం విడిగా అడగకపోయినా మనం చెప్పాలి. హోటలువారు ‘ఉప్పు ఎక్కువైంది’ అన్న మాట తీయించిన వీడియోకూ, తీయించని వీడియోకూ చూసేవారి దృష్టిలో తేడా ఉంటుంది.

బ్రాండ్లతో రాసుకునే ఒప్పందంలో రెండు షరతులు ఉండాలి. సంబంధం దాచమని అడగకూడదు. మన వీడియోలోంచి ముక్క కోసి తమ పేజీలో వాడుకుంటే ఆ ముక్కమీద కూడా ‘ప్రకటన’ అని ఉండాలి. ఎక్కువగా లేబులు ఎగిరిపోయేది ఈ కోతలోనే. మొదటి పది సెకన్లు తీసేస్తే మిగిలేది పొగడ్తే. ఈ షరతులు ఒప్పుకోని పని సభ్యులు చేపట్టరాదు.

తీర్మానం ఆమోదించిన రోజు నుంచే ఇది అమలవుతుంది. పాత వీడియోల్లో మాట చేర్చడం కుదరదు కాబట్టి వాటి వివరణ మొదటి వరుసలోనూ, పైన పిన్ చేసిన వ్యాఖ్యలోనూ ఎవరు ఏమిచ్చారో రాయాలి.