పీకించాలా, నిలుపుకోవాలా?

పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాలలో పనిచేసే నడివయస్కులకు దవడపన్ను పుచ్చితే, "పీకించేస్తే పీడ పోతుంది" అనడం మనం తరచు వింటూనే ఉంటాము. రూట్ కెనాల్ కంటే పీకించడం చౌక. ఒక్క పూటతో సరి, షిఫ్టు పోదు. ఈ లెక్కలో నిజం లేకపోలేదు. కాని అది సగం లెక్క మాత్రమేనని మా అభిప్రాయం.

మేమెరిగిన ఒక కార్మిక మిత్రుని సంగతి చూడండి. వయస్సు 46. పుచ్చినది కింది దవడలోని మొదటి పెద్ద పన్ను. చల్లని నీరు తగిలితే లేచిన నొప్పి నిమిషాల తరబడి తగ్గేది కాదు. రాత్రులు నిద్ర ఉండేది కాదు. కొన్నాళ్ళకు నొప్పి దానంతటదే పోయింది. నయమైందని ఆయన సంతోషించారు. నిజానికి పంటిలోని నరం చచ్చిపోయింది. తరువాత కొరికినప్పుడు పోటు, చిగురుపై చీముపొక్కు కనిపించాయి. మాత్రలు వేసుకుంటే వాపు తగ్గింది గాని, రక్తప్రసారం ఆగిన పంటి లోపలికి మందు చేరదు గనుక రోగం అక్కడే నిలిచింది.

అట్టి పన్నును నిలుపవచ్చునా అన్నది నొప్పిని బట్టి తేలదు. పుచ్చునంతా తొలిచివేసిన పిదప, చిగురుకు పైన చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల గట్టి గోడ మిగులుతుందా అన్నదే అసలు ప్రశ్న. ఆ గోడే క్యాప్‌కు పట్టు. అది మిగలకపోయినా, వేరు నిలువునా చీలినా, ఎముక కరిగి పన్ను బాగా కదులుతున్నా పీకించడమే వివేకం.

మా మిత్రుని పంటికి గోడ మిగిలింది. వైద్యులు వేళ్ళలోని మూడు నాళాలను సన్నని ఫైళ్ళతో, మందునీటితో శుభ్రపరచి, రెండు విడతలలో గట్టా పర్చాతో నింపారు. నొప్పి పోయింది. క్యాప్ మాత్రం "వచ్చే జీతానికి చూద్దాము" అని ఆయన వాయిదా వేశారు. లోపల తొలిచిన దవడపన్ను కొరుకుడు బరువుకు తాళలేదు. కొన్ని నెలలకు, మటన్ బొక్క కొరుకుతుండగా అది వేరుదాకా చీలింది. చివరికి పీకించక తప్పలేదు. రూట్ కెనాల్ ఖర్చూ పోయింది, పన్నూ పోయింది.

పీకించినంత మాత్రాన ఖర్చు తీరదు. ఏళ్ళు గడిచేకొద్దీ వెనుక పన్ను ఖాళీలోకి ఒరగవచ్చు, పై పన్ను కిందికి దిగవచ్చు. బ్రిడ్జి కట్టించాలంటే ఇరుప్రక్కల మంచి పళ్ళను అరగదీయాలి. జ్ఞానదంతమైతే ఈ చింత సాధారణంగా ఉండదు.

కనుక మా మాట ఇది: రూట్ కెనాల్‌ను, క్యాప్‌ను ఒకే ఖర్చుగా లెక్కించండి. రెండింటికీ స్తోమత చాలకపోతే, సంగారెడ్డిలోని దంత వైద్య కళాశాలలోనో, హైదరాబాదు అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్యశాలలోనో ముందుగా విచారించండి. కుర్చీలో కూర్చునే ముందు, "గోడ ఎంత మిగులుతుంది?" అని అడగండి. ఆ జవాబు విన్న తరువాతనే పీకించడమో, నిలుపుకోవడమో నిర్ణయించుకోండి.