ఎముకల స్కానులో నల్లచుక్క: తీర్పు కాదు, ప్రశ్న

ఎముకల స్కాను బొమ్మపై నల్లచుక్క కనబడగానే 'క్యాన్సర్ ఎముకలకు పాకింది' అని రాసేసే అలవాటు మన వైద్యరంగంలో వేళ్లూనుకుంది. ఈ అలవాటును నేను తప్పుపడుతున్నాను. రాసేవారికి అది ఒక్క వాక్యమే కావచ్చు, ఆ కాగితాన్ని ఇంటికి తీసుకువెళ్లే కుటుంబానికి మాత్రం అది మరణవార్త.

నా చిన్ననాటి మిత్రుడి చెల్లెలికి యాభై ఎనిమిదేళ్లు. నాలుగేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది. ఇటీవల ఎడమ పక్కటెముకల్లో నొప్పి రావడంతో స్కాను తీయించారు. ఎడమవైపు ఆరు, ఏడు, ఎనిమిదో పక్కటెముకల్లో హాట్ స్పాట్లు ఉన్నాయనీ, అవి వ్యాపించిన క్యాన్సర్‌ను సూచిస్తున్నాయనీ రిపోర్టు వచ్చింది. ఆమె కొడుకు రాత్రి పదకొండు గంటలకు ఫోను చేసి, "మావయ్యా, అమ్మకు ఎన్నాళ్లుందో నిజం చెప్పండి" అన్నాడు.

ఆ చుక్క నిజానికి ఏమిటి? టెక్నీషియం-99ఎమ్ అనే రేడియోధార్మిక పదార్థాన్ని ఎండీపీ అనే ఫాస్ఫేటు జాతి రసాయనానికి జతచేసి నరంలోకి ఎక్కిస్తారు. దాదాపు మూడు గంటలు ఆగి, గామా కెమెరాతో బొమ్మ తీస్తారు. ఆ మందుకు క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే శక్తి లేదు. కొత్త ఎముక ఎక్కడ తయారవుతోందో, రక్తప్రసారం ఎక్కడ హెచ్చిందో అక్కడి ఖనిజ స్ఫటికాలకు అది అంటుకుంటుంది. విరిగిన ఎముక అతుక్కుంటున్నా, కీలు అరిగినా, చీము పట్టినా, క్యాన్సర్ చేరినా ఎముక ఇచ్చే జవాబు ఒక్కటే: మరమ్మతు. కెమెరాకు కనబడేది ఆ మరమ్మతే, దాని కారణం కాదు. ఇదే సూత్రం రెండోవైపూ పనిచేస్తుంది. ఎముకను కరిగించడమే తప్ప కొత్త ఎముక కట్టనివ్వని మల్టిపుల్ మైలోమా వంటి వ్యాధిలో చుక్కే కనబడకపోవచ్చు. కాబట్టి చుక్క లేకపోవడమూ పూర్తి అభయం కాదు.

మరునాడు వాళ్లింటికి వెళ్లి బొమ్మను వెలుతురులో పెట్టి చూశాను. మూడు చుక్కలూ చిన్నవి, గుండ్రనివి. పక్కపక్క పక్కటెముకల్లో, నిలువుగా ఒకే గీత గీసినట్టు వరుసగా ఉన్నాయి. క్యాన్సర్ ఇంత క్రమశిక్షణతో వరుసకట్టడం అరుదు. అది పక్కటెముకలో చేరితే మచ్చ సాధారణంగా ఎముక పొడవునా సాగుతుంది. వెన్నెముక, కటి వంటి చోట్ల మరికొన్ని మచ్చలు చెదురుమదురుగా ఉండటమూ మామూలే. వరుస చుక్కలు చూస్తే ముందు దెబ్బను అనుమానించాలి.

"అమ్మా, ఈమధ్య ఎక్కడైనా పడ్డావా?" అని అడిగాను.

"రెండు నెలలైందన్నయ్యా, పెరట్లో కాలు జారి నీళ్ల తొట్టి అంచు మీద పడ్డాను. నన్నెవరూ అడగలేదు" అంది.

తప్పు స్కాను తీసినవారిది మాత్రమే కాదు. పంపిన వైద్యుడి చీటీలో 'రొమ్ము క్యాన్సర్' అన్న రెండు మాటలు తప్ప మరేమీ లేవు. పడిన సంగతి లేదు, నొప్పి ఎప్పుడు మొదలైందో లేదు. (నా ఉద్యోగకాలంలో నేనూ ఇలాంటి చీటీలు రాశాను. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను.) అటువంటి చీటీ చదివినవాడి కంటికి ప్రతి చుక్కా క్యాన్సరే.

'అనుమానం ఉన్నప్పుడు క్యాన్సరని రాయడమే క్షేమం కదా' అని ఒక యువ వైద్యుడు నాతో వాదించాడు. ఎవరికి క్షేమం? క్యాన్సర్ ఎముకలకు పాకిందంటే రోగి దశ మారిపోతుంది, మందులు మారిపోతాయి. ఆమెకు కొత్త కీమోథెరపీ తేదీ అప్పటికే ఖరారైంది. అలాగని చుక్కలను తేలిగ్గా కొట్టిపారేయమనడం లేదు. క్యాన్సర్ చరిత్ర ఉన్న మనిషిలో ప్రతి చుక్కకూ కారణం తేలాలి. అందుకు దారి ఉంది: చుక్క ఉన్న చోటే సీటీ తీసి ఎముక ఆకారాన్ని చూడటం. అప్పటికీ తేలకపోతే కొన్ని నెలలకు మళ్లీ పరీక్షించడం, లేదా ముక్క తీసి పరీక్షకు పంపడం.

ఆమెకు సీటీ తీయించాం. మూడు పక్కటెముకల్లోనూ సన్నని విరుగుళ్లు, వాటి చుట్టూ అతుకు పడుతున్న కొత్త ఎముక స్పష్టంగా కనబడ్డాయి. ఎముక తినివేసిన జాడ ఎక్కడా లేదు. కీమోథెరపీ ఆగింది. విరిగిన పక్కటెముక స్కానులో చాలా నెలలు, వయసు మళ్లినవారిలో ఇంకా ఎక్కువ కాలం నల్లగానే కనబడవచ్చని ఆమె కొడుకుకు ముందే చెప్పి ఉంచాను. ఏడాది తర్వాత తీసిన స్కానులో రెండు చుక్కలు మాయమయ్యాయి. ఎనిమిదో పక్కటెముకది మాత్రం లేతగా మిగిలింది. ఈసారి రిపోర్టులో 'పాత దెబ్బ' అని రాశారు. పంపిన చీటీలో నీళ్ల తొట్టి సంగతి ఆమె కొడుకే దగ్గరుండి రాయించాడు.