ఊరు దాటితే కాదు, బోర్డు దాటితేనే 'మైగ్రేషన్'

నల్లమాడ ప్రాంతంలో వలస అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. వానలు మొహం చాటేసిన ఏడు వేరుశనగ చేతికి రాదు, బెంగళూరు బస్సులు నిండిపోతాయి. పెద్దల వెనక పిల్లల చదువులూ అటే కదులుతాయి. కదిరిలో ఇంటర్ పాసైన అమ్మాయి బెంగళూరులో డిగ్రీలో చేరుతుంది, అనంతపురంలో డిగ్రీ ముగించిన కుర్రాడు హైదరాబాద్‌లో ఎంఏకి వెళ్తాడు. అడ్మిషన్ కౌంటర్లో టీసీ, మార్కుల మెమో, ఆధార్ అన్నీ చూపించాక, "మైగ్రేషన్ ఏది?" అని క్లర్క్ అడుగుతాడు. టీసీ ఇచ్చాం కదా, మళ్లీ అదెందుకని ఇంట్లోవాళ్లు తల పట్టుకుంటారు.

ఈ రెండూ ఒకటి కావు. టీసీ ఇచ్చేది కాలేజీ. ఈ విద్యార్థి ఇక మా దగ్గర చదవడం లేదు, ఫీజు బాకీ లేదు అని కాలేజీ చెప్పే మాట అది. మైగ్రేషన్ ఇచ్చేది ఆ కాలేజీ పైనున్న బోర్డు లేదా యూనివర్సిటీ. పరీక్ష పెట్టి, రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకుని, మెమో మీద సంతకం చేసినది అదే కాబట్టి, ఆ పేరును వదులుతున్నామని చెప్పాల్సిందీ అదే. కాలేజీ ప్రిన్సిపాల్ ఎంత మంచివారైనా ఆయన చేతిలో ఈ కాగితం ఉండదు.

అందుకే ఇక్కడ లెక్క కిలోమీటర్లది కాదు. నల్లమాడ పిల్లాడు పదో తరగతి తర్వాత విశాఖపట్నం వెళ్లి అక్కడి జూనియర్ కాలేజీలో సెకండియర్‌కు మారినా మైగ్రేషన్ అక్కర్లేదు, రెండు చోట్లా ఇంటర్ బోర్డు ఒక్కటే. అదే అనంతపురంలో జేఎన్‌టీయూలో బీటెక్ చేసి, అదే ఊళ్లోని శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో ఎంబీఏ చేరాలంటే కావాలి. ఊరు ఒకటే, యూనివర్సిటీలు రెండు.

రాష్ట్ర విభజన ఈ గీతను మన ఇళ్ల మధ్య నుంచే గీసింది. 2014 జూన్ 2కి ముందు కదిరిలో ఇంటర్ చదివినా, చార్మినార్ పక్కన చదివినా బోర్డు ఒక్కటే. ఆ తర్వాత తెలంగాణకు వేరే బోర్డు వచ్చింది. దాంతో ఆంధ్రలో ఇంటర్ చేసి ఉస్మానియా పరిధిలో డిగ్రీకి వెళ్లేవాళ్లు, ఖాలా ఇంట్లో ఉండి చదువుకుందామనుకున్నవాళ్లు కూడా, కాగితాల లెక్కలో 'బయటి బోర్డు' పిల్లలైపోయారు. మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీకి వెళ్లేవారిదీ అదే పరిస్థితి. అది కేంద్ర విశ్వవిద్యాలయం, అక్కడికి వచ్చే దాదాపు ప్రతి విద్యార్థీ మరో బోర్డు నుంచో యూనివర్సిటీ నుంచో వచ్చినవాడే.

మరి కొత్త సంస్థకు దీనితో పనేమిటి? పాత రోజుల్లో కారణం సూటిగా ఉండేది. ఒక విద్యార్థి ఒకేసారి రెండు యూనివర్సిటీల రిజిస్టర్లలో ఉండకూడదు. ఒరిజినల్ మైగ్రేషన్ ఒక్కటే ఉంటుంది, దాన్ని కొత్త చోట అప్పగించేశాక రెండోచోట చూపించడానికి ఏమీ మిగలదు. కాగితమే కాపలాదారు అన్నమాట. అయితే 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి షరతులతో అనుమతి ఇచ్చింది. దాంతో ఆ పాత కారణం సగం పలచబడింది.

మిగిలిన కారణాలు మాత్రం గట్టివే. మొదటిది, ఆ బోర్డు నిజంగా ఉందా, గుర్తింపు ఉన్నదేనా అన్న పరిశీలన. మెమో ఒక్కటే అయితే దొంగది తయారు చేయొచ్చు. మెమో, టీసీ, మైగ్రేషన్ మూడింటిలో పేరు, హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం కలవాలంటే మోసం కష్టమవుతుంది. రెండోది, కాపీ కొట్టి దొరికి డిబార్ అయిన విద్యార్థి ఆ సంగతి దాచి పక్క యూనివర్సిటీలో చేరకుండా చూడటం. పాత సంస్థకు అభ్యంతరం లేదన్న మాట వస్తేనే కొత్త సంస్థ పక్కా రిజిస్టర్ నంబరు ఇస్తుంది.

ఒక అమ్మాయి సంగతి తీసుకుందాం. కదిరిలో ఇంటర్ పాసై బెంగళూరులో బీకాంలో చేరింది. మైగ్రేషన్ తర్వాత ఇస్తామని తండ్రి రాసిచ్చిన కాగితంతో కాలేజీ ప్రొవిజనల్ అడ్మిషన్ ఇచ్చింది. ఇక్కడే అంతా అయిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి గడియారం అప్పుడే మొదలవుతుంది. కాలేజీ ఆమె కాగితాలను యూనివర్సిటీకి పంపాలి, యూనివర్సిటీ అర్హత ఒప్పుకోవాలి. మైగ్రేషన్ లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. చిక్కు బయటపడేది పరీక్ష ఫీజు కట్టే రోజున, లేదా హాల్‌టికెట్ రాని రోజున. అప్పుడు ఇంటర్ బోర్డుకు దరఖాస్తు పెట్టి, వచ్చేదాకా ఎదురుచూసే టైం ఉండదు.

ఆమె ఏడాది తర్వాత ఆ చదువు మానేసి హైదరాబాద్‌లో మళ్లీ మొదటి నుంచి చేరాలనుకుంటే అసలు తిరకాసు వస్తుంది. ఇంటర్ బోర్డు ఇచ్చిన మైగ్రేషన్ బెంగళూరులోనే ఉండిపోయింది. అది పోయిందని చెప్పి బోర్డు దగ్గర డూప్లికేట్ తీసుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. అది తప్పు దారి. ఆమె పేరు ఇప్పుడు ఉన్నది బెంగళూరు యూనివర్సిటీ రిజిస్టర్‌లో, కాబట్టి మైగ్రేషన్ అడగాల్సింది అక్కడే. చివరగా ఎవరి రిజిస్టర్‌లో పేరుందో వాళ్లే ఇవ్వాలి. ఆ ఏడాదిని దాచిపెడితే, తర్వాత బయటపడిన రోజున కొత్త అడ్మిషన్‌కే ముప్పు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు పేరు దగ్గర వస్తుంది. పదో తరగతిలో షేక్ పూర్తిగా రాసి ఉంటుంది, ఇంటర్‌లో 'ఎస్‌కె' అవుతుంది, ఆధార్‌లో చివరికి వెళ్తుంది. ఇంగ్లిషు స్పెల్లింగ్ Shaik, Sheik, Shaikh అని మూడు రకాలుగా తిరుగుతుంది. మనిషి ఒకడే అని మనకు తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. మైగ్రేషన్ మీద బోర్డు రికార్డులో ఉన్న పేరే అక్షరం మారకుండా వస్తుంది. కాబట్టి తేడా ఉంటే ముందు పదో తరగతి మెమోను ఆధారంగా చేసుకుని ఆ తర్వాతి రికార్డును సరిచేయించుకోవాలి, ఆపైనే మైగ్రేషన్‌కు దరఖాస్తు. వరస తిరగబడితే తప్పు పేరుతో ఇంకో కాగితం తయారవుతుంది, అంతే.

తెప్పించుకోవడం కష్టమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి మైగ్రేషన్ కావాలనుకునేవాళ్లు పరీక్ష ఫీజుతోపాటే రూ.80 అదనంగా కట్టే వెసులుబాటు ఉంది. హైస్కూల్ ఆఫీసులో ఆ మాట నవంబరు, డిసెంబరుల్లోనే అడగాలి. పదో తరగతి తర్వాత కర్ణాటకలో చేరాలనుకునే కుటుంబాలకు ఇది ముఖ్యం. ఆ విభాగం వెబ్‌సైట్ bse.ap.gov.in, ఇంటర్ బోర్డుది bie.ap.gov.in. సీబీఎస్ఈ పిల్లలకు మైగ్రేషన్ డిజిలాకర్‌లోనే దొరుకుతుంది. 2017లో మార్చిన నిబంధనల ప్రకారం డిజిలాకర్‌లో జారీ అయిన పత్రం ఒరిజినల్‌తో సమానం, కాబట్టి కౌంటర్లో "కాగితమే కావాలి" అంటే ఆ సంగతి చెప్పొచ్చు. ఇక మెమోలు, టీసీల వంటి ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. సరిచూసుకుని వెనక్కి ఇవ్వాలి. మైగ్రేషన్ మాత్రం అప్పగించే కాగితమే, అందుకే ఇచ్చేముందు రెండు వైపులా జిరాక్స్ తీసి ఉంచుకోవడం మంచిది.

ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. విద్యార్థి పేరు, మార్కులు, క్రెడిట్లు ఒకే నంబరు కింద ఉండాలని అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ను 2021లో మొదలుపెట్టారు, ఆ తర్వాత అపార్ ఐడీ తెచ్చారు. బడుల్లో దాని కోసం తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నారు. అలాంటప్పుడు ఒక బోర్డు ఇంకో యూనివర్సిటీకి 'మాకు అభ్యంతరం లేదు' అన్న ఒక్క మాట నేరుగా పంపలేదా? కొత్త సంస్థ అనుమానం న్యాయమైనదే. కానీ దాన్ని తీర్చే బరువును ఆ రోజు కూలి వదులుకుని ఆఫీసు చుట్టూ తిరిగే తండ్రి మీద పెట్టడం మాత్రం పాత అలవాటు. వచ్చే అడ్మిషన్ల నాటికి అది మారే సూచనలేవీ లేవు కాబట్టి, ఫలితాలు వచ్చిన వారంలోనే దరఖాస్తు పెట్టుకోవడం తప్పదు.